‘ఏదోలా ఉంది’ అంటే ఎలా ఉన్నట్టు?

ఆదివారం సాయంత్రం నాలుగయ్యేసరికి మా అక్క ఫోను చేత్తో పట్టుకుని కూర్చుంటుంది. కూతురు హాస్టల్లో ఉండి ఇంటర్ మొదటి సంవత్సరం చదువుతోంది. వారానికొకసారి పది నిమిషాలు మాట్లాడనిస్తారు. అందులో రెండు నిమిషాలు ఏం తిన్నావు, ఏం కూర వండారు అన్నవాటికే పోతాయి. ఆ తర్వాత అసలు ప్రశ్న వస్తుంది.

“ఎలా ఉన్నావే?”

“ఏదోలా ఉందమ్మా.”

“ఏదోలా అంటే?”

“ఏమో, టెన్షన్‌గా ఉంది.”

“టెన్షన్ పడకు. శ్రద్ధగా చదువుకో, అన్నీ అవే సర్దుకుంటాయి.”

తర్వాతి ఆదివారం కూడా ఇవే మాటలు. మూడు నెలలపాటు ఇదే సాగింది. ఒకరోజు నేను పక్కనే ఉండి విన్నాను. ఫోను పెట్టేశాక, అది అంటున్న టెన్షన్ ఎలాంటిదో అడగలేకపోయావా అన్నాను. అక్కకు చిరాకు వేసింది. “బాధ బాధే కదరా! దానికి ఏ పేరు పెడితే ఏం? పేరు మారిస్తే తగ్గిపోతుందా?”

ఈ ప్రశ్న చాలామందికి ఉండేదే. మనస్తత్వ శాస్త్రజ్ఞులు పాతికేళ్లకు పైగా దీనికి జవాబు వెతుకుతున్నారు. ఇంతవరకు తేలింది అక్క అనుకున్నంత తేలికగా లేదు. పేరు పెడితే చాలు అని చెప్పే పుస్తకాలు అనేంత తేలికగానూ లేదు.

ఎనిమిదిసార్లు చెడిన ప్రయోగం

ఈ కథ ఒక వైఫల్యంతో మొదలైంది. లీసా ఫెల్డ్‌మన్ బారెట్ కెనడాలోని వాటర్లూ విశ్వవిద్యాలయంలో పరిశోధక విద్యార్థిగా ఉన్న రోజులవి. అప్పట్లో టోరీ హిగిన్స్ అనే శాస్త్రజ్ఞుడి సిద్ధాంతం ఒకటి బాగా ప్రచారంలో ఉండేది. మనం కావాలని కలగన్న మనిషికి, ఇప్పుడున్న మనిషికి మధ్య ఎడం ఉంటే దిగులు కలుగుతుంది. మనం ఎలా ఉండితీరాలని అనుకుంటామో అలా లేకపోతే ఆందోళన కలుగుతుంది. అంటే గాయని కాలేకపోయినందుకు వచ్చేది దిగులు, తల్లిదండ్రులను సరిగా చూసుకోవడం లేదని వచ్చేది ఆందోళన.

బారెట్ ఆ సిద్ధాంతం మీదే ఓ చిన్న ప్రయోగం మొదలుపెట్టింది. అందులో దిగులు పడేవాళ్లు ఒకవైపు, ఆందోళన పడేవాళ్లు మరోవైపు తేలాలి. తేలలేదు. ఎక్కడో పొరపాటు చేశాననుకుని మళ్లీ చేసింది. మళ్లీ అంతే. ఇలా వరసగా ఎనిమిది ప్రయోగాలు చెడ్డాయి. ఎనిమిదిసార్లు ఓడిపోయాక చాలామంది వేరే అంశం చూసుకుంటారు. ఆమె పాత కాగితాలన్నీ ముందేసుకుని కూర్చుంది. అప్పుడు కనిపించిందామెకు: తన ప్రయోగాలు ఎనిమిదిసార్లూ ఒకే తీరులో చెడ్డాయి. దిగులుగా ఉందని రాసినవాళ్లే ఆందోళనగానూ ఉందని రాశారు. దిగులు లేనివాళ్లకు ఆందోళనా లేదు. ఆ రెండు మాటలనూ వాళ్లు ఒకే అర్థంలో వాడుతున్నారు. ‘బాగాలేదు’ అనడానికి రెండు ముద్రలు వేసినట్టు!

అందరూ అలా లేరన్నది తర్వాత బయటపడింది. చేతిలో ఇమిడే చిన్న కంప్యూటర్లు ఇచ్చి, రోజువారీ జీవితంలో ఎప్పటికప్పుడు ఏమనిపిస్తోందో నమోదు చేయించినప్పుడు కొందరు కోపాన్ని, దిగులును, భయాన్ని స్పష్టంగా విడదీశారు. మరికొందరికి అన్నీ కలిసి ఒకే ముద్ద. మరీ ఎక్కువమంది ఈ రెండు కొసల నడుమ ఎక్కడో ఉన్నారు. ఈ తేడాకే ఆమె ఇంగ్లిష్‌లో ఎమోషనల్ గ్రాన్యులారిటీ అని పేరు పెట్టింది. గ్రాన్యూల్ అంటే రవ్వ. పిండిమరలో “గరుకుగా ఆడించమంటారా, సన్నగానా?” అని అడుగుతారు కదా, దాదాపు ఆ భావమే. కానీ సన్నగా ఆడిస్తే గింజలు కలిసిపోతాయి, ఇక్కడ జరగవలసింది విడిపోవడం. అందుకే నేను దీన్ని తెలుగులో ‘భావాల విడమరుపు’ అంటాను. విడమరిచి చెప్పమంటాం చూడండి, ఆ విడమరుపు. పక్కవాళ్లకు చెప్పడం తర్వాతి సంగతి, ముందు మనకు మనం విడమరుచుకోవడం.

రెండు వారాల డైరీ

నీకు విడమరుపు ఎంత ఉందని నేరుగా అడిగితే లాభం లేదు. తనకు తన మనసు బాగా తెలుసనే అందరూ అనుకుంటారు. భావాలకు ఎన్ని మాటలు తెలుసని అడిగినా లాభం లేదు. నిఘంటువు కంఠతా పట్టినవాడు కూడా ఇంటికొచ్చి అన్నిటికీ ‘చిరాకు’ అనే ఒక్క మాటే వాడుతుండవచ్చు. అందుకని పరిశోధకులు చుట్టుతిరిగి వెళతారు.

రాధ, లక్ష్మి అని ఇద్దరిని ఊహించుకుందాం. ప్రతి రాత్రీ కోపం, దిగులు, బెరుకు ఈ మూడూ ఆ రోజు ఎంతెంత ఉన్నాయో సున్నా నుంచి ఆరు దాకా అంకె వేయాలి. సోమవారం రాధ కోపానికి 5, దిగులుకు 5, బెరుకుకు 4 వేసింది. మంగళవారం రోజు ప్రశాంతంగా గడిచింది, మూడింటికీ 1. బుధవారం 4, 4, 5. గురువారం 2, 2, 1. లక్ష్మి సోమవారం 5, 1, 0 వేసింది. ఆ రోజు ఎవరితోనో గొడవ పడినట్టుంది. మంగళవారం 0, 1, 4. బుధవారం 1, 5, 1. గురువారం 2, 0, 3.

రాధ అంకెలు ఒక కాడికి కట్టిన ఎడ్లలా కదులుతున్నాయి. ఒకటి లేస్తే మిగతా రెండూ లేస్తాయి, ఒకటి పడితే అన్నీ పడతాయి. ఆమె మూడు అంకెలు వేసినా చెబుతున్న సమాచారం ఒక్కటే: ఇవాళ ఎంత చెడ్డగా గడిచింది. లక్ష్మి అంకెలు దేని దారిన అవి పోతున్నాయి. కోపం ఉన్నరోజు దిగులు పెద్దగా లేదు, దిగులున్న రోజు బెరుకు పెద్దగా లేదు. ఈ అంకెలు ఎంతగా జతగా కదులుతున్నాయో లెక్కకట్టే పద్ధతి గణాంక శాస్త్రంలో ఉంది. జత ఎంత గట్టిగా ఉంటే విడమరుపు అంత తక్కువ. ఈ పద్ధతిలోని అందం ఏమిటంటే, తాము దేనికి పరీక్షకు కూర్చున్నామో రాధకూ తెలియదు, లక్ష్మికీ తెలియదు. కాబట్టి మంచి మార్కుల కోసం ఎవరూ నటించలేరు.

2001లో బారెట్, జేమ్స్ గ్రాస్, మరో ఇద్దరు కలిసి 53 మందితో ఇలాగే 14 రోజులు డైరీ రాయించారు. ప్రతి రోజూ ఆనాటి అన్నిటికన్నా బలమైన అనుభవం గురించి రాయాలి. చివర్లో, ఆ రెండు వారాల్లో భావాలను అదుపు చేసుకోవడానికి ఏమేం చేశారో, ఎంత చేశారో చెప్పాలి. చేదు భావాలను విడివిడిగా చూడగలిగినవాళ్లు వాటిని సంబాళించుకోవడానికి ఎక్కువ ప్రయత్నం చేశారని తేలింది. బాధ తీవ్రంగా ఉన్నప్పుడు ఈ తేడా మరింత కొట్టొచ్చినట్టు కనిపించింది. సంతోషం, గర్వం, ఉత్సాహం వంటి తీపి భావాల విషయంలో మాత్రం విడదీయడానికీ అదుపుకూ అలాంటి సంబంధం కనబడలేదు. అదీ సబబే అనిపిస్తుంది. సంతోషం ఏ రకానిదైనా దాన్ని వదిలించుకోవాల్సిన పనేముంది?

తర్వాత 2010లో టాడ్ కాష్డన్ బృందం మద్యం తాగే అలవాటున్న 106 మంది యువతను మూడు వారాలపాటు గమనించింది. మనసు బాగా చెడిన రోజున తాగడం మొదలుపెట్టినా, ఆ చెడును విడమరిచి చూడగలిగినవాళ్లు తక్కువతో ఆపారు. అంతా ఒకే ముద్దగా ఉన్నవాళ్లు ఎక్కువ తాగారు. ఇద్దరి బాధా సమానంగా తీవ్రమైనప్పుడే ఈ తేడా కనిపించింది. విడమరిచినవాడికి బాధ తక్కువేమీ కాదన్నది ఇక్కడ గుర్తుంచుకోవాలి.

కరెంటు ఎక్కడ పోయింది?

అలా ఎందుకు జరుగుతుంది?

రాత్రి ఎనిమిదింటికి ఇంట్లో దీపాలు ఆరిపోయాయనుకోండి. ‘కరెంటు పోయింది’ అనేది ఎవరైనా చెప్పగలరు. తెలిసిన మనిషి ముందు కిటికీలోంచి ఎదురింటివైపు చూస్తాడు. వాళ్ల దీపాలు వెలుగుతున్నాయంటే తప్పు మనింట్లోనే, ఫ్యూజు చూసుకోవాలి. వీధంతా చీకటిగా ఉంటే ట్రాన్స్‌ఫార్మర్ దగ్గర ఏదో అయింది, లైన్‌మన్‌కు ఫోను చేయాలి. కొన్ని ఇళ్లలో ఉండి కొన్ని ఇళ్లలో లేకపోతే ఒక ఫేజు పోయింది. ఊరంతా లేకపోతే పైనుంచే కోత, అప్పుడు చేయాల్సింది చాప తీసుకుని డాబా మీదకు వెళ్లడమే. చీకటి అన్నిట్లోనూ ఒకటే. చేయాల్సిన పని మాత్రం నాలుగు రకాలు.

శరీరం పంపే కబుర్లు ఈ చీకటిలాంటివే. గుండె దడదడలాడడం, పొట్టలో ముడిపడ్డట్టుండడం, గొంతుకేదో అడ్డుపడడం. ఇవి భయంలోనూ ఉంటాయి, కోపంలోనూ, అవమానంలోనూ ఉంటాయి. ఆకలికీ, నిద్ర చాలకపోవడానికీ కూడా ఉంటాయి. బారెట్ వాదన ప్రకారం మెదడు ఈ కబుర్లను గతంలో తెలుసుకున్న భావనలతో పోల్చి, ఇది ఫలానా అని ఊహిస్తుంది. ఆ ఊహే మనకు భావంగా అనుభవంలోకి వస్తుంది. ఈ సిద్ధాంతాన్ని ఒప్పుకోని శాస్త్రజ్ఞులూ ఉన్నారు. భయం, కోపం వంటివి పుట్టుకతోనే మెదడులో వేరువేరుగా ఉంటాయని వాళ్ల మాట. ఆ తగవు ఇంకా తెగలేదు, మనం దాని జోలికి వెళ్లనక్కర్లేదు. భావానికి మనం పెట్టుకున్న పేరు ఉత్త శబ్దం కాదన్నంతవరకు మన పనికి చాలు. ‘నామోషీ’ అనే మాటలో కారణం ఉంది: నలుగురిలో తక్కువైపోయానన్నది. ‘బెంగ’లో వేరే కారణం ఉంది: కావలసిన మనిషి, కావలసిన చోటు దూరమైందన్నది. కారణం తెలిస్తే మందు ఎక్కడ వెతకాలో తెలుస్తుంది. ‘టెన్షన్’లో కారణం లేదు. అందుకే దానికి మందూ లేదు, ‘పడకు’ అనడం తప్ప.

ఇక్కడే ఒక చిక్కు ఉంది. విడమరుపు తక్కువైనవాళ్లు తప్పుడు ఉపాయాలు ఎంచుకుంటారని చాలాకాలం అనుకునేవారు. ఎలీజ్ కలోకెరినోస్ బృందం 2019లో దీన్ని పరిశీలించింది. ఉపాయాలను ఎంచుకోవడంలో పెద్ద తేడా కనిపించలేదు. ఇద్దరూ దృష్టి మళ్లించుకుంటారు, ఇద్దరూ మరోలా ఆలోచించి చూస్తారు, ఇద్దరూ ఎవరితోనో చెప్పుకుంటారు. తేడా ఫలితంలో ఉంది. ఒకరి చేతిలో పనిచేసిన ఉపాయమే మరొకరి చేతిలో పనిచేయలేదు. ఫ్యూజు తీగ ఇద్దరూ మార్చారు, కాకపోతే ఒకరు వీధంతా కరెంటు పోయినప్పుడు మార్చారు. పరిశోధకులు ఈ పోలిక వాడలేదు, అది నాది.

టెన్షన్ మూట విప్పితే

మళ్లీ నా మేనకోడలి దగ్గరికి వద్దాం. దసరా సెలవులకు ఇంటికి వచ్చినప్పుడు కూర్చోబెట్టి మాట్లాడాను. మానసిక వైద్యుడిలా కాదు, మావయ్యలాగే. ఎప్పుడెప్పుడు టెన్షన్ వస్తుందో చెప్పమన్నాను. “ఎప్పుడూనే” అంది. నిన్న ఎప్పుడు, మొన్న ఎప్పుడు అని ఒక్కో రోజూ అడిగాను. అప్పుడు ఒక్కొక్కటే బయటికొచ్చింది.

శనివారం పరీక్ష ముందు రాత్రి కడుపులో తిప్పుతుంది. భౌతికశాస్త్రం పేపరు చేతికి రావడానికి ముందు పది నిమిషాలు మరీ ఎక్కువ. పేపరు రాగానే సగం తగ్గుతుంది. దీనికి గుబులు అని పేరు పెట్టాం. గుబులు ఎప్పుడూ రాబోయేదాని గురించే, అది వచ్చేస్తే పోతుంది.

రెండోది వేరు. మార్కులను బట్టి పిల్లలను ఒక సెక్షను నుంచి మరో సెక్షనుకు మారుస్తుంటారు. ఆగస్టులో దీన్ని ఒక మెట్టు కిందికి దింపారు. ఆ రోజు పుస్తకాల సంచీ పట్టుకుని వరండాలో నడుస్తుంటే అందరూ తననే చూస్తున్నట్టుందట. ఇది గుబులు కాదు. జరిగిపోయిందాని గురించి. నామోషీ. తన స్నేహితురాలు పైసెక్షనులోనే ఉండిపోయింది. భోజనాల దగ్గర ఆ పిల్ల పక్కన కూర్చోబుద్ధి కాదు. “అది మంచిదే మావయ్యా, కానీ దాన్ని చూస్తే ఏదోలా ఉంటుంది” అంది. ఆ ‘ఏదోలా’కు పేరు చెప్పడానికి చాలాసేపు పట్టింది. ఈసు అంటే ఒప్పుకోలేదు, తాను చెడ్డదాన్నని అర్థం వస్తుందని. ఉక్రోషమా అన్నాను. కాసేపు ఆలోచించి, అవును అదే అంది. ఉక్రోషంలో ఎదుటివాళ్ల మీద కోపం కన్నా మన చేతకానితనం మీద మంట ఎక్కువ. ఎటూ తీర్చుకోలేక కళ్లల్లో నీళ్లు తిరిగే కోపమది.

చివరిది ఆదివారం రాత్రి. పది నిమిషాల ఫోను అయిపోయాక. ఇది ఎవరూ చెప్పకుండానే అర్థమైంది, బెంగ.

వారంలో నాలుగు వేరువేరు సంగతులు ఒకే మాట వెనక దాక్కున్నాయి. వాళ్లమ్మ చెప్పిన ‘శ్రద్ధగా చదువుకో’ అనే సలహా నాలుగింట్లో ఒక్క గుబులుకే, అదీ కొంతవరకే పనికొస్తుంది. నామోషీకి చదువు మందు కాదు, ఆ సెక్షనులో మరో ముప్ఫైమంది ఉన్నారని, వాళ్లూ అలాగే దిగారని తెలియడం మందు. ఉక్రోషానికి స్నేహితురాలితో నిజం చెప్పడం ఒక దారి. బెంగకైతే చేయగలిగింది చాలా తక్కువ. ఆదివారం ఫోను తర్వాత ఒంటరిగా గదిలో కూర్చోకుండా ఉండడం, ఇంటి నుంచి తెచ్చుకున్న దుప్పటి, అంతకు మించి ఏముంది! బెంగ ఊరికే పోదు. అది బెంగ అని తెలిస్తే మాత్రం, తనకేదో జబ్బు చేసిందన్న అదనపు భయం పోతుంది.

ఇక్కడ ఒక పక్కదారి. తెలుగులో భావాలు ఎలా వస్తాయో గమనించారా? కోపం వస్తుంది. భయం వేస్తుంది. దిగులు పట్టుకుంటుంది. దుఃఖం పొంగుకొస్తుంది. ఇవన్నీ మన ప్రమేయం లేకుండా జరిగేవి. బెంగ మాత్రం పెట్టుకుంటాం. కక్ష పెంచుకుంటాం. అలక మన పనే, అలుగుతాం, ఎవరో వచ్చి తీరుస్తారని ఎదురుచూస్తూ అలుగుతాం. బతిమాలేవాళ్లు లేనిచోట ఎవరూ అలగరు. భావం తర్వాత వచ్చే క్రియాపదంలోనే, అది మన చేతిలో ఎంతుందో ఒక సూచన ఉందని నాకనిపిస్తుంది. దీని మీద ప్రయోగమేదీ ఆధారంగా చూపలేను, మాటలతో బతికేవాడి గమనింపు అంతే. ‘టెన్షన్‌గా ఉంది’ అన్నదాంట్లో మాత్రం ఆ సూచన లేదు. అది ఉంటుంది, వాతావరణంలా.

పేరు పెడితే చాలా?

కాథరినా కిర్కాన్‌స్కీ, మాథ్యూ లీబర్‌మన్, మిషెల్ క్రాస్క్ 2012లో ప్రచురించిన ప్రయోగం ఒకటుంది. సాలీడంటే హడలిపోయే 88 మందిని బతికున్న పెద్ద సాలీడు దగ్గరికి మెల్లమెల్లగా నడిపించారు. నాలుగు గుంపులు చేశారు. ఒక గుంపు తమ భయాన్ని ఉన్నదున్నట్టు మాటల్లో చెప్పాలి: ఈ వికారమైన సాలీడును చూస్తే నాకు భయంగా ఉంది, మీదికి దూకుతుందేమోనని కంగారుగా ఉంది, ఇలా. రెండో గుంపు తమకు తాము సర్దిచెప్పుకోవాలి, ఇదేం చేయదులే అని. మూడో గుంపు సాలీడుతో సంబంధం లేని సంగతులు మాట్లాడాలి. నాలుగో గుంపు ఏమీ మాట్లాడకుండా దగ్గరికి వెళ్లడమే. వారం తర్వాత మళ్లీ సాలీడు ముందుకు తెచ్చారు. భయాన్ని మాటల్లో చెప్పినవాళ్లకు చేతులకు పట్టే చెమట మిగతావాళ్లకన్నా తక్కువైంది. వాళ్లలోనూ భయానికి, ఆందోళనకు ఎక్కువ మాటలు వాడినవాళ్లకు ఇంకా తక్కువైంది. విచిత్రమేమిటంటే, భయం ఎంతుందని అడిగితే అన్ని గుంపులూ ఇంచుమించు ఒకే జవాబిచ్చాయి. శరీరం చల్లబడింది గానీ ఆ సంగతి మనిషికింకా తెలియలేదు.

ఇంతవరకు చదివి, ఇకనుంచి ప్రతిదానికీ పేరు పెట్టేద్దాం అనుకునేవారికి ఒక హెచ్చరిక. ఎరిక్ నూక్, అజయ్ సత్పుతే, కెవిన్ ఆక్స్‌నర్ 2021లో మరో ప్రయోగం చేశారు. మనసు కలచివేసే బొమ్మలు చూపించి, కొన్నిసార్లు ముందు భావానికి పేరు పెట్టమన్నారు, ఆ తర్వాత దాన్ని అదుపు చేసుకోమన్నారు. పేరు పెట్టాక అదుపు చేసుకోవడం కష్టమైంది. ‘ఇది అసహ్యం’ అని తేల్చేశాక దాన్ని మరోలా చూడడానికి మనసు ఒప్పుకోలేదు. పేరు పాకం లాంటిది. ముదిరేదాకా ఏ ఆకారమైనా పోయవచ్చు, గట్టిపడ్డాక వంచబోతే విరుగుతుంది.

ఈ రెండూ పరస్పరం కొట్టుకుంటున్నట్టు కనిపిస్తాయి. నాకు కనిపించే తేడా కాలానిది. సాలీడు ముందు నిలబడ్డవాళ్లు ఫలితాన్ని వారం తర్వాత చూశారు. బొమ్మలు చూసినవాళ్లు ఆ మరుక్షణంలోనే కొలవబడ్డారు. గొడవ మధ్యలో ‘నాకొచ్చింది అవమానం’ అని ఖాయం చేసుకుంటే ఆ అవమానమే గట్టిపడవచ్చు. అదే రాత్రి పడుకునే ముందు నెమ్మదిగా ఆలోచిస్తే అది వేరే పని.

మాటల సంఖ్య గురించి కూడా జాగ్రత్తపడాలి. వెరా వైన్, రయాన్ బాయ్డ్, జేమ్స్ పెన్నెబేకర్ 2020లో 1,567 మంది విద్యార్థులు మనసుకు తోచింది తోచినట్టు రాసిన వ్యాసాలను, 35 వేలకు పైగా బ్లాగర్ల రాతలను కంప్యూటరుతో చదివించారు. తమ రాతల్లో చేదు భావాలకు రకరకాల మాటలు వాడినవాళ్లలో కుంగుబాటు ఎక్కువగా, ఆరోగ్యం తక్కువగా కనిపించింది. తీపి భావాలకు రకరకాల మాటలు వాడినవాళ్లు బాగున్నారు. అంటే చేదు మాటలు మనిషిని కుంగదీస్తాయా? అలా తీర్మానించలేం. ఎక్కువకాలం చీకట్లో తిరిగినవాడికి చీకటిలోని మలుపులన్నీ తెలిసే అవకాశం ఉంది. ఏ ఊళ్లో ఉంటే ఆ ఊరి వీధుల పేర్లే వస్తాయి. పైగా వాళ్లు లెక్కపెట్టింది రాతలో దొర్లిన మాటల రకాలను. డైరీ పద్ధతిలో కొలిచేది, ఏ క్షణానికి ఏ మాట సరిపోయిందన్నది. రాధకు నిఘంటువు కొనిచ్చినా లాభం లేనిది అందుకే. దిగులు, విచారం, విషాదం, వ్యాకులం, ఖేదం అని ఒకేరోజు ఐదు మాటలు రాసుకుంటే అవి ఐదూ కలిసే లేస్తాయి, కలిసే పడతాయి.

ఒత్తిడి పెరిగితే విడమరుపు తగ్గుతుందని యాసెమిన్ ఎర్బాస్ బృందం 2018లో చూపింది. అన్నిటికన్నా ఇబ్బంది పెట్టే సంగతి ఇదే. అవసరం ఎక్కువైనప్పుడే ఆ నేర్పు చేతికందదు. మామూలు రోజుల్లో లక్ష్మిలా ఉన్న మనిషి పరీక్షల వారంలో రాధ అయిపోతుంది. అలాంటి వారంలో ‘ఏదోలా ఉంది’ అన్న పిల్లను, సరిగ్గా చెప్పు అని గద్దించడం వృథా. ముందు నిద్రపోనివ్వాలి.

నేర్పు పెంచుకోవడానికి దారి ఉందా అంటే, ఆశ కలిగించే ఆధారం ఒకటుంది. కేటీ హోమన్, బారెట్, క్యారెన్ క్విగ్లీ 2021లో ప్రచురించిన అధ్యయనంలో కొందరు రోజుకు పలుమార్లు తమకేమనిపిస్తోందో నమోదు చేస్తూ పోయారు. ఎవరూ వాళ్లకు పాఠం చెప్పలేదు. రోజులు గడిచేకొద్దీ వాళ్ల విడమరుపు పెరిగింది. కొలవడానికి పెట్టిన పరికరమే వ్యాయామమైంది.

అది చదివాక నా మేనకోడలికి ఒక చిన్న నోటుపుస్తకం కొనిచ్చాను. రాత్రి పడుకునే ముందు రెండు వాక్యాలు. ఒకటి, ఇవాళ అన్నిటికన్నా గట్టిగా అనిపించినది ఏమిటి, ఏ సందర్భంలో. రెండు, అది నిన్నటిదాని కన్నా ఎలా వేరు. ఈ రెండోదే అసలు పని చేయించేది. నిన్నటిదానితో పోల్చితే తప్ప ఇవాళ్టిది విడిపడదు. అంకెలు వేయమనలేదు, దాని బతుకులో అంకెలు ఇప్పటికే చాలా ఎక్కువ. ఒక్క షరతు పెట్టాను, ‘టెన్షన్’ అన్న మాట రాయకూడదు.

సంక్రాంతికి వచ్చినప్పుడు పుస్తకం తెచ్చింది. చూపించమని నేను అడగలేదు, తనే ఒక పేజీ తీసి నా ముందు పెట్టింది. డిసెంబరులో ఒక రాత్రి రాసింది. స్నేహితురాలు సినిమా పాటేదో పాడుతుంటే అందరూ చప్పట్లు కొట్టారట. దాని కింద రెండు మాటలు రాసి కొట్టేసింది. ఒకటి ఉక్రోషం, రెండోది బెంగ. వాటి కింద ఇలా ఉంది: “పేరు తెలియలేదు. కానీ ఆగస్టులో వచ్చింది మాత్రం కాదు. ఇది వచ్చినప్పుడు దాని పక్కనే కూర్చున్నాను.”